మేడం గారి సార్ గొంతు

పద్మలత మేడం గొంతు ఎలాంటిదో హసన్‌పర్తిలో ఎవరినడిగినా చెప్తారు. తొమ్మిదో తరగతిలో ఆమె పద్యం ఎత్తుకుందంటే పక్క గదిలో లెక్కల సారు చాక్‌పీసు బల్ల మీద పెట్టి కూర్చునేవాడు. ఎలాగూ తన మాట ఎవరికీ వినపడదని ఆయనకు తెలుసు. అంతటి గొంతు జూలై వానల్లో బొంగురుపోయింది. సెప్టెంబరు వచ్చినా తిరిగి రాలేదు.

కారణం కోసం ఎక్కడో వెతకనక్కర్లేదు. గది కురుస్తోందని తొమ్మిదో తరగతి రెండు సెక్షన్లనూ తెచ్చి ఒకే రేకుల షెడ్డులో కుదేశారు. పైన రేకుల మీద వాన, కింద ఎనభై మంది పిల్లలు. ఈ రెండింటినీ ఒక్క గొంతుతో గెలవాలని పద్మలత పంతం పట్టింది. కొన్నాళ్లు గెలిచింది కూడా. ఒకరోజు సంధి సూత్రం చెబుతుండగా మాట మధ్యలో చీలిపోయి, మిగిలిన సగం ఉత్త గాలిగా బయటికి వచ్చింది. పిల్లలు నవ్వారు. ఆమె ఇంకా గట్టిగా అరిచింది. ఆ పని చేయకుండా ఉండాల్సింది. కానీ అప్పుడు చెప్పినవాళ్లు లేరు, చెప్పినా వినే మనిషి కాదు.

స్టాఫ్‌రూమ్‌లో మాత్రం వైద్యులకు కొదవ లేదు. ఒకరు అల్లం అన్నారు, ఒకరు కరక్కాయ బుగ్గన పెట్టుకొమ్మన్నారు. అందరూ కలిసి ఒప్పుకున్నది మిరియాల పాలు. పద్మలతకు అది బాగా నచ్చింది. పేపర్లు దిద్దీ దిద్దీ రాత్రి బాగా పొద్దుపోయాక పచ్చిపులుసుతో కడుపునిండా తిని, పైన గ్లాసెడు మిరియాల పాలు తాగి, గ్లాసు కింద పెట్టీ పెట్టకముందే మంచమెక్కేది. పొద్దున లేచేసరికి నోరంతా చేదు, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు. దాన్ని వదిలించుకోవడానికి రోజంతా ఖళ్లు ఖళ్లుమని సవరించుకునేది. అలా సవరించుకున్న ప్రతిసారీ గొంతు ఇంకాస్త పాడయ్యేది. కాజీపేటలో తమ వీధి చివర మెడికల్ షాపు యాకయ్య గ్యాస్ గోలీలు ఇచ్చాడు. "నాకు గ్యాస్ లేదు, ఛాతీల మంట లేదు" అంటూనే ఆమె వాటిని మింగింది. మధ్యమధ్యలో గొంతుకు విశ్రాంతినిద్దామని గుసగుసగా మాట్లాడేది. గుసగుసలు గొంతుకు విశ్రాంతి కాదన్న సంగతి కూడా ఆమెకు తర్వాతే తెలిసింది.

ఎవరన్నా మరీ గుచ్చి గుచ్చి అడిగితే ఒక జవాబు సిద్ధంగా ఉండేది. "మాది మగ్గాల ఇల్లు. మా అందరి గొంతులు గిట్లనే. మగ్గాల గొంతు."

ఆమె పుట్టింది వరంగల్‌లో, మరమగ్గాలు పొద్దంతా టకటకలాడే గల్లీలో. ఆ చప్పుడు మీద మాట వినపడాలంటే అరవాల్సిందే. అరిచీ అరిచీ అక్కడి మగవాళ్ల గొంతులు బొంగురుపోతే, దానికి మగ్గాల గొంతు అని పేరు పెట్టి ఊరుకునేవారు. పేరుంటే ఇక దాన్ని ఎవరూ రోగమనుకోరు. అదే ఆ పేరులోని మోసం.

ఇంతవరకు బాధే. ఆ తర్వాత పద్మలతకు ఈ గొంతుతో ఒక సరదా దొరికింది. ఒకరోజు గ్యాస్ బండి అబ్బాయి ఫోన్ చేసి, ఆమె హలో అనగానే "సార్, సిలిండర్ తెస్తున్న, గేటు తీయండి సార్" అన్నాడు. ఎప్పుడూ మూడు రోజులు తిప్పించుకునే మనిషి పావుగంటలో వచ్చి వాలాడు. పద్మలత ఆలోచనలో పడింది. మర్నాడు నీళ్ల మోటరు బాగుచేసేవాడికి తనే ఫోన్ చేసి, గొంతు ఇంకాస్త దించి, "ఏమయ్య, వస్తవా వేరేటోన్ని పిలువాల్నా?" అంది. వాడు "వస్తున్న సార్" అని పరుగెత్తుకొచ్చాడు. ఇరవై ఏళ్లుగా మేడంగా బతిమాలినా కాని పనులు నాలుగు మాటల్లో సార్‌గా అయిపోతుంటే ఎవరికి మాత్రం ముచ్చటగా ఉండదు?

అసలు సార్ భానుచందర్. కాజీపేటలో గూడ్సు బండ్ల గార్డు. డ్యూటీ ఎక్కితే ఒకటి రెండు రోజులు ఇంటికి రాడు. ఆయనది చాలా సన్నని గొంతు. డ్యూటీల నడుమ పడుకునే రన్నింగ్ రూమ్‌లో తోటివాళ్లు దాని మీద వేయని జోకు లేదు. భార్య గొంతు నెల దాటినా బాగవకపోయేసరికి ఆయన హనుమకొండలో చెవి ముక్కు గొంతు డాక్టరమ్మ కావ్య దవాఖానలో అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు. అక్కడ పద్మలత పేరు, పద్మలత నంబరు ఇచ్చి, డ్యూటీకి పోయాడు. ఆయన చేసిన పొరపాటల్లా ఆ నంబరు ఇవ్వడమే.

దవాఖానలో ఫోన్లు చూసేది సోమక్క. ఆమె ఫోన్ చేసి, ఇటు నుంచి వచ్చిన గొంతు విని, "పద్మలత మేడం భర్త మాట్లాడుతున్నరా సార్?" అని అడిగింది.

పద్మలత ఒక్క క్షణం తటపటాయించింది. "ఆ," అంది.

"రేపు పదింటికి మేడంను తీసుకరావాలె సార్."

"రేపు పడదమ్మ. ఆమెకు స్కూల్ల ఇన్‌స్పెక్షన్ ఉన్నది."

ఫోన్ పెట్టేశాక పద్మలతకు నవ్వొచ్చింది. దవాఖాన తప్పిందని సంతోషపడ్డదో, తప్పినందుకు భయపడ్డదో ఆమెకే తెలియలేదు. భర్త అడిగితే డాక్టరే ఊళ్లో లేదని చెప్పింది. వారం తర్వాత సోమక్క మళ్లీ చేసింది. ఈసారి "సార్" తన భార్యను చుట్టాల పెళ్లికి పంపించాడు. మూడోసారి కాలు బెణికిందన్నాడు. మనిషిని చూడకుండానే సోమక్కకు భానుచందర్ మీద కసి పుట్టింది.

"మేడం, ఆ మొగాయన పెండ్లాన్ని దవాఖానకు పంపిస్తలేడు. ఏమన్నంటె ఏదో ఒక సాకు చెప్తాండు. మీరే మాట్లాడుండ్రి" అని నాలుగోసారి ఫోన్ కలిపి డాక్టరమ్మ చేతిలో పెట్టింది.

"నమస్తె సార్, నేను డాక్టర్ కావ్యను. ఈసారి మేడం ఎటు పోయింది?"

"ట్రైనింగ్‌కు పోయింది మేడం."

ఆ రెండు ముక్కల్లోనే డాక్టరమ్మ చెవికి అందాల్సింది అందింది. మగ గొంతు బొంగురుపోతే ఒక తీరుగా ఉంటుంది, ఆడ గొంతు బొంగురుపోతే మరో తీరుగా ఉంటుంది. ఈ గొంతు కింద ఒక ఆడ గొంతు గాలిలో కొట్టుకుంటోంది. అయితే డాక్టరమ్మ కూడా ఏం తక్కువది కాదు.

"సరె. మరి మీ గొంతుకేమైంది సార్? ఎన్నొద్దుల సంది ఇట్లున్నది?"

"ఆరేడు వారాలైతాంది." నిజం నోరు జారిపోయింది.

"మింగితె నొప్పున్నదా? చెవుల పోటు?"

"లేదు."

"ఉమ్మితె రక్తం పడ్డదా? మెడల గడ్డ లెక్క చేతికి తగిలిందా? ఊపిరాడక ఆయాసమొస్తాందా? ఊకెనే బరువు తగ్గిండ్రా?"

"తగ్గితె మంచిగనే ఉంటుండె. అయేం లేవు."

"బీడీ, సిగరెట్, గుట్కా, మందు?"

"ఛీ, నేనెందుకు తాగుత?" అని, తాను మగవాడినని గుర్తొచ్చి, "అంటె... అలవాటు లేదు మేడం" అని సర్దుకుంది.

"ఏం పని చేస్తరు సార్?"

"గూడ్సు బండికి గార్డు."

"ఆఖరి డబ్బాల ఒక్కలే ఉంటరు గద సార్. ఎవలతోని ఇంత అరుస్తాండ్రు?"

ఎనభై మంది పిల్లల్ని గార్డు డబ్బాలోకి ఎక్కించడం ఎలా?

డాక్టరమ్మ గొంతు కాస్త మెత్తబడింది. "మీ ఇంట్ల ఎవలకన్న గొంతు రోగం ఉండెనా?"

"మా నాయినకు," అంది పద్మలత. వెంటనే నాలుక కరుచుకుంది. భానుచందర్ తండ్రి ఇప్పటికీ హుషారుగా బజారుకు పోయి కూరగాయలు తెస్తాడు. "కాదు కాదు, మా మామకు."

"నాయినకా సార్, మామకా?"

మిగతా మాటలన్నీ సార్‌గా ఆడేసింది గానీ తన తండ్రి కొమురెల్లిని రెండోసారి మామ అనడానికి ఆమెకు నోరు రాలేదు. అన్నది వెనక్కి తీసుకోవాలనిపించింది.

"గొంతే తీసేసిండ్రు," అంది చివరికి. "ఏడాది దాక బొంగురు గొంతుతోనే ఉండె. మగ్గాల గొంతు అనుకున్నం అందరం. బీడీలు కట్టలకు కట్టలు తాగేటోడు. తీస్కపోయేసరికే ముదిరింది. గొంతు తీసినంక కూడ రెండేండ్లే ఉన్నడు."

ఈ మాటలు భర్తతో ఎప్పుడూ అనలేదు, తల్లి దగ్గర ఎత్తలేదు. తనది కాని పేరుతో, ముఖం తెలియని మనిషికి ఫోన్‌లో చెప్పేసింది.

"చూడుండ్రి సార్," అంది డాక్టరమ్మ, ఆ పిలుపును మాత్రం వదలకుండా. "ఆయనకు వచ్చింది మీకు రావాలని ఏం లేదు. మీరు బీడీ తాగరు. అరిచి అరిచి వచ్చిన బొంగురే కావచ్చు. కడుపుల పులుపు పైకొచ్చి కూడ కావచ్చు. గని నేను ఫోన్ల విని చెప్పలేను, మీరు ఇంట్ల కూసోని భయపడి చెప్పలేరు. మూడు నాలుగు వారాలు దాటిన బొంగురును గొంతుల చూడకుండ గోలీలతోని నెట్టద్దు. చూసుడొక్కటే తోవ. శనివారం పొద్దుగాల మేడంను తీసుకోని రండ్రి. ఇద్దరి గొంతులు చూస్త."

ఫోన్ పెట్టేశాక పద్మలతకు కొత్త చిక్కు వచ్చిపడింది. ఇద్దరి గొంతులు! ఇప్పుడు ఏ రోగమూ లేని మొగుణ్ణి గొంతు డాక్టరు దగ్గరికి ఏమని తీసుకుపోవాలి? చివరికి భానుచందర్ ఇంటికి రాగానే, "ఆ డాక్టరమ్మ జంటగ వస్తెనే చూస్తదట" అని చెప్పింది. రైల్వేలో ఇంతకన్నా వింత రూల్సు చూసిన మనిషి గనక ఆయన మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు.

శనివారం దవాఖానలో అడుగు పెట్టారో లేదో, సోమక్క బల్ల వెనక నుంచి లేచింది. "మీరేనా సార్ భానుచందర్ అంటె? ఒకసారి ఇన్‌స్పెక్షనంటిరి, ఒకసారి పెండ్లంటిరి, ఒకసారి కాలు బెణికిందంటిరి. ఆమె మనిషి కాదా సార్?"

"నేనా?" అన్నాడు భానుచందర్. సన్నని, నికార్సైన గొంతు గదంతా మోగింది.

సోమక్క నోరు తెరిచింది. "ఫోన్ల గొంతు మస్తు లావుండె గదా."

అప్పుడే లోపలి నుంచి వచ్చిన డాక్టర్ కావ్య గుమ్మంలో నిలబడి చూస్తోంది. పద్మలత గోడ మీద చెవి బొమ్మను పరీక్షకు చదివినట్టు చదువుతోంది. చెవిలో ఎన్ని ఎముకలుంటాయో ఆ రోజు ఆమెకు బాగా తెలిసింది. భానుచందర్ భార్య వంక చూశాడు. ఆమె మెడ ఎర్రబడింది. ఇరవై ఏళ్ల కాపురం గనక ఆ మెడను చూడగానే ఆయనకు సగం అర్థమైపోయింది.

"ఆ, నేనే," అన్నాడు సోమక్కతో. "అప్పుడు జలుబు చేసి గొంతు లావైంది. తప్పైంది, ఏమనుకోకుండ్రి."

డాక్టరమ్మ నవ్వు దాచుకోవడానికి ఫైలు అడ్డం పెట్టుకుంది. "సార్ గొంతు నయమైనట్టున్నది. మేడం, మీరు రండ్రి."

లోపల ముక్కులో మందు కొట్టారు. చేదుగా గొంతులోకి దిగి, కాసేపటికి అంతా మొద్దుబారింది. నూడుల్సు పోగంత సన్నని గొట్టం, కొసన కెమెరా. ముక్కులోంచి మెల్లగా లోపలికి పోయింది. నొప్పి లేదు గానీ తుమ్ము వచ్చినట్టై ఆగిపోయింది. ఎదుట తెర మీద ఎర్రని గుహ. దాని అడుగున తెల్లని రెండు తీగలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. పద్మలత కళ్లు మూసుకుంది. తండ్రికి చూపినది కూడా ఇలాంటి తెరే అయి ఉంటుందని అనిపించి, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

"ఈ అనుండ్రి మేడం."

పద్మలత "ఇ" అంది.

"తెలుగు టీచర్ అయ్యుండి హ్రస్వం అంటాండ్రేంది? దీర్ఘం కావాలె. నేను చాలు అనెదాక."

వేలమంది పిల్లలకు దీర్ఘాలు దిద్దించిన మనిషి ముక్కులో గొట్టంతో "ఈ..." అంటూ సాగదీసింది. అది మధ్యలో రెండుసార్లు తెగింది. వెంట వచ్చి పక్కన నిలబడ్డ భానుచందర్ తెర వైపు ఇంకో అడుగు జరిగాడు.

గొట్టం బయటికి వచ్చింది. డాక్టరమ్మ తెర మీద బొమ్మను ఆపి, కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ముందు అసలు మాట చెప్త. క్యాన్సర్ లెక్క ఏది కనిపిస్తలేదు. రెండు తీగలు మంచిగ కదులుతున్నయి."

పద్మలత వినలేదో, విన్నా నమ్మలేదో, "మల్లొకసారి చెప్పుండ్రి" అంది. డాక్టరమ్మ మళ్లీ చెప్పింది. విసుక్కోకుండా మూడోసారీ చెప్పింది.

ఆ తర్వాత తెర మీద వేలు పెట్టి చూపించింది. రెండు తీగల మీదా ఎదురెదురుగా చిన్న చిన్న బొడిపెలు. చెప్పు కరిచిన చోట కాయ కాసినట్టు, అరిచినప్పుడల్లా తీగలు రెండూ గట్టిగా కొట్టుకుని అక్కడ కాయ కాశాయి. అవి అడ్డం పడి తీగలు పూర్తిగా మూసుకోవడం లేదు. ఆ సందులోంచి గాలి పోతోంది, అదే బొంగురు. వీటికి కోత అక్కర్లేదు. గొంతును వాడే తీరు నేర్పే థెరపిస్టు ఉంది, ఆమె దగ్గరికి కొన్ని వారాలు పోవాలి.

"తరగతిల మైకు పెట్టుకోండ్రి. నీళ్లు తాగుకుంట ఉండుండ్రి. చప్పుడు మీద అరవద్దు, చప్పుడు ఆగినంక మాట్లాడుండ్రి. గుసగుస వద్దు, ఖళ్లు ఖళ్లుమని సవరించుకునుడు వద్దు. అన్నం ఎప్పుడు తింటరు?"

భానుచందర్ చెప్పేశాడు, మిరియాల పాలతో సహా.

"గదే మరి. తిని వెంబడే పండుకుంటె కడుపుల పులుపు గొంతు దాక వస్తది. అందరికి ఛాతీల మంట ఉండదు. పొద్దుగాల నోరు చేదు, గొంతుల అడ్డం, గట్లనే తెలుస్తది. వెనక భాగం ఎర్రగున్నది. ఎర్రగున్నంత మాత్రాన పులుపే అని ఖాయంగ చెప్పలేం గని, మీ ముచ్చట దానికి సరిపోతాంది. పండుకునే మూడు గంటల ముందే తినుండ్రి. కారం, పులుపు, చాయ తగ్గించుండ్రి. మిరియాల పాలు బంద్. రెండు నెలలకు మల్ల చూస్త. అంతల నొప్పి, రక్తం, గడ్డ, ఆయాసం ఏది కనపడ్డ ఆగకుండ వెంటనే రావాలె."

పద్మలత లేచింది. తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "మా నాయిన... మూడు నాలుగు వారాలకే వచ్చి ఉంటె?"

ఈసారి డాక్టరమ్మ నాయినా మామా అని అడగలేదు. "చెప్పలేనమ్మ. తొందరగ వస్తె గొంతు మిగిలేందుకు మస్తు ఆశ ఉంటది. అంతవరకే చెప్పగలను."

భానుచందర్ ఆటో మాట్లాడాడు, ఇద్దరూ కాజీపేట వైపు బయలుదేరారు. ఫోన్ నాటకం గురించి నిలదీస్తాడని పద్మలత ఎదురుచూసింది. ఆయన నిలదీయలేదు.

"నీ గొంతు మారిందని నాకు జూలైలనే తెల్సు," అన్నాడు. ఆ సన్నని గొంతు ఆటో మోతలోంచి కూడా వినపడింది. "డ్యూటీ కాంచి ఫోన్ చేసినప్పుడల్ల వినుకుంట కూసునేటోన్ని. అడగబుద్ధి కాలే. అడిగితె మామ ముచ్చట వస్తదని. అందుకే నిన్నడగకుండనే అపాయింట్‌మెంట్ తీసుకున్న."

పద్మలతకు చెప్పాల్సింది గొంతు దాకా వచ్చింది. ఆటో మోత మీద చెప్పాలంటే అరవాలి. చెవిలో చెప్పాలంటే గుసగుసలాడాలి. రెండూ బంద్. ఇల్లు చేరేదాకా ఆగుదామనుకుంది, ఆగలేకపోయింది. డ్రైవర్ భుజం తట్టి ఆటో ఆపించింది.

"ఇక్కడేమున్నది మేడం?" అని డ్రైవర్ బిత్తరపోయి అడిగాడు. అక్కడ పట్టాల పక్కన గడ్డి తప్ప ఏమీ లేదు. ఆమె భర్త చేయి పట్టుకుని దిగి, పదడుగులు నడిచి, నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే బొగ్గు బండి ఒకటి వచ్చిపడింది. ఆమె నోరు మూసుకుంది. డబ్బా వెనక డబ్బా పోతూనే ఉంది. ఇంతకు ముందైతే ఆ బండి మీద కూడా అరిచి గెలిచేదే. భానుచందర్ అలవాటు ప్రకారం ఆఖరి డబ్బా కనుమరుగయ్యేదాకా చూశాడు. పట్టాల మోత పూర్తిగా తగ్గింది.

అప్పుడు, సవరించుకోకుండా, ఉన్న గొంతుతోనే ఆమె చెప్పింది. "గొంతు తీసినంక నాయిన పళ్లెం మీద చెంచతోని కొట్టి అమ్మను పిలిచేటోడు. ఆ చప్పుడు నాకు పోదు. నేను కూడ పిల్లలను బల్ల మీద కొట్టి పిలువాలేమో, మిమ్మల్ని గట్లనే పిలువాలేమో అనుకున్న. మస్తు భయమైంది."

"మరి అప్పుడే నన్ను పిలువకపోతివి పద్మా," అన్నాడు భానుచందర్.

ఆ మాట అనేసరికి ఆయన సన్నని గొంతు కాస్తా బొంగురుపోయింది.